40 వేల షేర్లు అమ్మాలి: ట్వాపా, వీవాపా?

చిన్న మదుపరి: నాన్నగారి డీమ్యాట్ నుంచి ఒక స్మాల్‌క్యాప్ కంపెనీ షేర్లు 40,000 నా పేరు మీదకి వచ్చాయి. ధర 250 దగ్గర ఉంది, అంటే కోటి రూపాయల సరుకు. ఎన్ఎస్ఈలో రోజుకి సగటున 2 లక్షల షేర్లు చేతులు మారతాయి. ఒక్క మార్కెట్ ఆర్డర్ కొడితే కొంప మునుగుతుందని తెలుసు, అందుకే బ్రోకర్ ఏపీఐకి ప్రోగ్రామ్ రాసి ముక్కలుగా అమ్ముదామని. గడియారం చూసి సమానంగా అమ్మే ట్వాప్ మేలా, వాల్యూమ్ చూసి అమ్మే వీవాప్ మేలా? ఒక్క రోజులో అయిపోవాలా?

కోడ్‌కూలీ: వీవాపే, సందేహం లేదు. 9:15 నుంచి 3:30 వరకు 375 నిమిషాలు. పదిహేను నిమిషాలకో ముక్క అంటే 25 ముక్కలు, ట్వాప్‌లో ఒక్కోటి 1,600 షేర్లు. పొద్దున, సాయంత్రం జనం ఉంటారు కాబట్టి అప్పుడు నడిచిపోతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకి నీ స్టాక్‌లో పావుగంటకి 3,000 షేర్లు నడిస్తే గొప్ప. అందులో 1,600 నువ్వే అమ్మితే సగానికి పైగా నువ్వే. గత 20 రోజుల వాల్యూమ్ తీసి, ఏ పావుగంటలో ఎంత శాతం నడిచిందో లెక్కేసి, అదే నిష్పత్తిలో అమ్ము. సాయంత్రానికి నీ సగటు ఆ రోజు వీవాప్ కన్నా, అంటే వాల్యూమ్‌ని బట్టి కట్టిన ఆ రోజు సగటు ధర కన్నా, పైన ఉంటే గెలిచినట్టే.

క్యాండిల్ రాజు: బ్రో సింపుల్. ధర వీవాప్ లైన్ పైన ఉంటే హోల్డ్, కిందకి దిగితే ఎగ్జిట్. ఐదు నిమిషాల చార్ట్ పెట్టుకో. నేను రోజూ బ్యాంక్ నిఫ్టీలో ఇదే చేస్తా.

కోడ్‌కూలీ: రాజూ, అడిగింది చార్ట్ మీద గీత గురించి కాదు. ఎప్పుడు అమ్మాలో ఆయనకి తెలుసు, ఎలా అమ్మాలనేదే ప్రశ్న.

పాత డీలర్: కోడ్‌కూలీ చెప్పిన మధ్యాహ్నం సంగతి నిజమే. చివరి వాక్యంతోనే నాకు పేచీ. రోజు వాల్యూమ్‌లో 20 శాతం నీదే అయినప్పుడు ఆ వీవాప్‌ని నువ్వే కిందికి లాగుతావు. పొద్దున మొదలుపెట్టినప్పుడు ధర 250 అనుకోండి. సాయంత్రానికి రోజు వీవాప్ 245, మీ సగటు 245.50. అర్ధ రూపాయి గెలిచారు, సంతోషం. కానీ 250తో పోలిస్తే షేరుకి 4.50 చొప్పున 1.8 లక్షలు పోయాయి. మొదలుపెట్టిన క్షణంలో ఉన్న ధరతోనే కొలవాలి.

అందులో మార్కెట్ వల్ల పడిందెంత, మీ వల్ల పడిందెంత అంటారా? స్మాల్‌క్యాప్ ఇండెక్స్ ఆ రోజు ఎంత పడిందో చూసి అది తీసేయండి. ఇంకో గుర్తు, మీరు అమ్మడం ఆపాక అరగంటలో ధర కొంత పైకి తేరుకుంటే ఆ మేరకు మీ ఒత్తిడే.

ఇక వాల్యూమ్ అంటే కొనేవాళ్లు అనుకోవద్దు. ఎన్ఎస్ఈ రోజూ డెలివరీ శాతం ఇస్తుంది, చూడండి. అది 30 అయితే 2 లక్షల్లో ఇంటికి పట్టుకెళ్లేది 60 వేలే, మిగతాది ఆ రోజుకారోజు తిరిగే సరుకు. 2010 మే 6న అమెరికా మార్కెట్ నిమిషాల్లో కుప్పకూలినప్పుడు జరిగింది ఇదే. ఒక ఫండ్ ఎస్ అండ్ పీ 500 ఇండెక్స్ మీద నడిచే ఈ-మినీ ఫ్యూచర్స్ కాంట్రాక్టులు 75,000 అమ్మడానికి ఆల్గో పెట్టింది. అంతకు ముందు నిమిషపు వాల్యూమ్‌లో 9 శాతం అమ్మాలి, ధర చూడక్కర్లేదు, సమయం చూడక్కర్లేదు. కంప్యూటర్లతో మెరుపు వేగంగా కొని అమ్మే హై ఫ్రీక్వెన్సీ వాళ్లు కొన్నది మళ్లీ తమలో తామే అమ్ముకుంటూ 14 సెకన్లలో 27,000కి పైగా కాంట్రాక్టులు తిప్పారు, నికరంగా కొన్నది 200 దాకానే. వాల్యూమ్ పెరిగింది కదా అని ఆల్గో ఇంకా వేగంగా అమ్మింది. అక్కడి నియంత్రణ సంస్థలు ఎస్ఈసీ, సీఎఫ్‌టీసీల నివేదికలో ఉంది ఇదంతా.

కోడ్‌కూలీ: ఆ నివేదికని ఆ ఫ్యూచర్స్ నడిచే సీఎమ్ఈ ఎక్స్ఛేంజే ఒప్పుకోలేదు డీలర్ గారూ. ఆ ఆర్డర్ మొత్తం వాల్యూమ్‌లో చిన్న భాగమేనని వాళ్ల వాదన. ఒక్క ఆల్గో మీద నెట్టేయడం సరికాదు.

పాత డీలర్: ఒక్కదాని మీద నెట్టడం లేదు. ధర చూడని ఆల్గో ప్రమాదం అంటున్నా.

వైజాగ్ ట్రేడర్: నా అనుభవం ట్వాప్‌తో. పల్చటి స్టాక్ ఒకటి సరిగ్గా పది నిమిషాలకోసారి వెయ్యి షేర్లు అమ్మేలా పెట్టాను. మధ్యాహ్నం నుంచి నా ఆర్డర్ వెళ్లే కొద్ది సెకన్ల ముందు పై బిడ్లు, అంటే ఎక్కువ ధరకి కొంటామన్న ఆర్డర్లు, మాయం, అమ్ముడయ్యాక మళ్లీ ప్రత్యక్షం. ఎవరో టైమింగ్ పట్టేశారు. తర్వాత సమయాన్నీ సైజునీ అటూఇటూ మార్చేలా పెడితే ఆ గొడవ తగ్గింది. పెద్దవాళ్లకీ తప్పలేదు లెండి. 2012 జులై 19న కోకా-కోలా, ఐబీఎమ్ లాంటి షేర్లు అరగంటకో గంటకో రంపం పళ్లలా పైకీ కిందికీ ఆడాయి. గడియారం ప్రకారం నడిచిన ఆల్గో పనేనని చాలామంది విశ్లేషకులు అన్నారు. అయినా నేను ట్వాప్ వైపే. చిన్న స్టాక్‌లో వాల్యూమ్ తీరు రోజుకో రకం, ఎవరో ఒకరోజు పెద్ద డీల్ చేస్తే 20 రోజుల సగటు మొత్తం పాడవుతుంది.

కోడ్‌కూలీ: అందుకే సగటు కాకుండా మీడియన్ తీసుకోవాలి. సరే, ఒక్క రోజా నాలుగు రోజులా అన్నదానికి అందరూ వాడే లెక్క ఇది:

```
impact ≈ σ × √(Q / V)
```

impact అంటే మన అమ్మకం వల్ల ధర ఎంత జరుగుతుందో, σ ధర ఊగిసలాట, Q మనం అమ్మే షేర్లు, V ఆ వ్యవధిలో నడిచే వాల్యూమ్. రోజువారీ ఊగిసలాట 3 శాతం అనుకుందాం. ఒక్క రోజులో అయితే 3 × √0.2, అంటే ధర 1.34 శాతం దాకా జరుగుతుంది. నాలుగు రోజులు, రోజుకి పదివేలు అయితే 3 × √0.05, అంటే 0.67. సగం మిగిలింది కదా.

పాత డీలర్: తొందరపడ్డావు. నాలుగు రోజులూ ఒకే వైపు ఒకే మనిషి అమ్ముతుంటే అది ఒకే ఆర్డర్. నాలుగు రోజుల ఊగిసలాట 3 × √4, అంటే 6 శాతం, నాలుగు రోజుల వాల్యూమ్ 8 లక్షలు. 6 × √0.05 కట్టి చూడు, మళ్లీ 1.34 వస్తుంది. ఆ సూత్రం ప్రకారం సాగదీయడం వల్ల ఒరిగేదేమీ లేదు.

వైజాగ్ ట్రేడర్: మరి రాత్రికి రాత్రి కొత్త కొనుగోలుదారులు రారా? నిన్నటి దెబ్బ ఇవాళ్టికి కొంత మానుతుంది. నిజం 0.67కి, 1.34కి మధ్యలో ఎక్కడో ఉంటుంది.

పాత డీలర్: ఎంత మానుతుందో స్టాక్‌ని బట్టి ఉంటుంది. కానీ నాలుగు రోజులు సాగదీస్తే, చేతిలో షేర్లు రోజూ తగ్గుతాయి కాబట్టి 6 కాకపోయినా, మొత్తం విలువ అటూఇటూ 2.8 శాతం దాకా కదలడం మామూలే. కోటి మీద అది 2.8 లక్షలు. 67 వేలు మిగులుతాయో లేదో తెలియని దానికి ఆ రిస్క్ ఎందుకు?

కోడ్‌కూలీ: ఏళ్ల తరబడి ఆ షేర్లు వాళ్లింట్లో ఉన్నాయి. ఆ రిస్క్ కొత్తదేం కాదు. డబ్బుకి తొందర లేకపోతే దాన్ని ఖర్చులో కలపకూడదు.

చిన్న మదుపరి: తొందర లేదు, కానీ నెలాఖరుకి ఫ్లాట్ అడ్వాన్స్ కట్టాలి. డెలివరీ శాతం చూశాను, 28 నుంచి 35 మధ్య ఉంది. రోజుకి పదివేలు, ఏ పావుగంటలోనూ అప్పుడు నడిచిన దాంట్లో 10 శాతం దాటకుండా, టైమ్ కాస్త తారుమారు చేసి పెడతా. ముక్కలు ఎక్కువైతే ఛార్జీలు పెరగవా?

వైజాగ్ ట్రేడర్: ఎస్‌టీటీ, అంటే షేర్ల లావాదేవీ పన్ను, 0.1 శాతం, ఎన్ని ముక్కలైనా అంతే. డీపీ ఛార్జీ అమ్మిన రోజుకి ఒకసారి, ఇరవై రూపాయల అటూఇటూ. మీ బ్రోకర్ డెలివరీకి ఆర్డర్‌కింత అని తీసుకుంటే మాత్రం ముక్కలు లెక్కపెట్టుకోండి. సెకనుకి 10 ఆర్డర్లు దాటకపోతే ఆల్గో రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, స్టాటిక్ ఐపీ, అంటే మారని ఇంటర్నెట్ అడ్రస్, ఉండాలి.

పాత డీలర్: ఒక ఆపుడు షరతు కూడా పెట్టండి. ఆ రోజు మొదటి ధర కన్నా బిడ్ 1 శాతం కిందకి వెళ్లి, ఇండెక్స్ మాత్రం పడకపోతే ప్రోగ్రామ్ ఆగిపోవాలి.

కోడ్‌కూలీ: అలా ఆగితే మిగిలిన సరుకు రేపటికి పడుతుంది, రేపు ఇంకా పెద్ద ముక్కలు అమ్మాలి. 1 శాతం మరీ బిగుతు, ఈ స్టాక్‌కి 2 అయినా ఉండాలి.