ప్రమాద నివేదికలో “గార్డు తీసివేసి” అని రాయడం ఊహ అవుతుందా?

షీట్‌మెటల్_సేఫ్టీ: మా యూనిట్‌లో 63 టన్నుల పవర్ ప్రెస్ మీద ఆపరేటరు ఎడమ చేతి రెండు వేళ్లు నలిగాయి. “ఆపరేటరు గార్డు తీసివేసి నిర్లక్ష్యంగా డైలో చేయి పెట్టడం వల్ల ప్రమాదం జరిగింది” అని నివేదికలో రాశాను. నిందలూ ఊహలూ లేకుండా చూసినవి మాత్రమే రాయమని ప్లాంట్ హెడ్ వెనక్కి పంపారు. చేయి లోపలికి వెళ్లకుండా అడ్డుగా ఉండాల్సిన గార్డు లేదన్నది నిజమే కదా, ఇందులో ఊహ ఎక్కడుంది?

పాతప్రెస్‌షాపు: ఆపరేటరు గార్డు విప్పుతుండగా మీరు చూశారా, లేక చూసినవారెవరైనా మీతో చెప్పారా? లేకపోతే మీ వాక్యంలో మీరు చూసినది దాదాపు ఏమీ లేదు. మీరు వెళ్లేసరికి గార్డు ఎక్కడుంది, నేల మీదా, గోడకు ఆనించా? దాని బోల్టులు ఎన్ని, అవి ఎక్కడ దొరికాయి? డైలో సగం మడిచిన ముక్క ఉందా, రక్తపు మరక డైకి ఏ వైపున ఉంది, పెడల్ మీద కప్పు ఉందా, పైనుంచి దిగి ముక్కను నొక్కే ర్యామ్ ఏ స్థానంలో ఆగి ఉంది? ఇవి రాయండి. ముఖ్యంగా మీది కీ క్లచ్ ప్రెస్ అయితే, ఫ్లైవీల్‌ను షాఫ్టుకు కలిపే కీ గానీ దాని స్ప్రింగ్ గానీ అరిగిపోయినప్పుడు పెడల్ ఒక్కసారి తొక్కినా ర్యామ్ రెండోసారి దిగవచ్చు. అప్పుడు ఆపరేటరు తయారైన ముక్కను తీసుకోవడానికే చేయి పెట్టి ఉంటాడు, అది రోజుకు వెయ్యిసార్లు చేసే పని. క్లచ్ విప్పి చూడకముందే “నిర్లక్ష్యం” అని రాస్తే ఇక ఆ కీని ఎవరూ విప్పరు. పరీక్ష పేరుతో ప్రెస్‌ను ఒక్కసారి కూడా నడపనివ్వకండి.

క్వాలిటీ_ఆడిటర్: ఇంత దూరం వెళ్లనవసరం లేదు. కర్త పేరు తీసేస్తే నింద పోతుంది. “గార్డు తీసివేయబడి ఉంది” అని రాస్తే చాలు. ఆడిట్ నివేదికలన్నీ మేము ఇలాగే రాస్తాము.

పాతప్రెస్‌షాపు: నింద కొంత తగ్గుతుంది కానీ ఊహ అలాగే మిగులుతుంది. “తీసివేయబడి ఉంది” అన్నామంటే అంతకు ముందు గార్డు బిగించి ఉందని, ఎవరో విప్పారని చెప్పినట్లే. ఆ షిఫ్టులో గార్డు బిగించి ఉండగా చూసినవారు ఒక్కరైనా ఉన్నారా? లేనప్పుడు “గార్డు అమర్చి లేదు” అన్నంతవరకే మనకు తెలిసినది.

క్వాలిటీ_ఆడిటర్: రెండింటికీ తేడా వ్యాకరణంలోనే తప్ప షాపులో లేదు. గార్డు లేకుండా ప్రెస్ నడిచింది, అంతే.

పాతప్రెస్‌షాపు: చట్టంలో తేడా ఉంది. 1923 నాటి నష్టపరిహార చట్టం 3వ సెక్షన్ నుంచి 2020 సామాజిక భద్రతా కోడ్‌లోకి వచ్చిన నియమం ప్రకారం, కార్మికుడు తన భద్రత కోసం పెట్టిన గార్డు అని తెలిసి కూడా దాన్ని కావాలని తొలగించడమే గాయానికి నేరుగా కారణమైతే, యజమాని పరిహారం చెల్లించనవసరం లేదు. మరణం, శాశ్వత పూర్తి వైకల్యం మాత్రమే ఈ మినహాయింపు కిందకు రావు. రెండు వేళ్లు పోవడం పూర్తి వైకల్యం కాదు. ఈఎస్‌ఐ బీమాలో లేని కార్మికుడికి మీ “తీసివేసి” అన్న ఒక్క మాట పరిహారాన్నే లేకుండా చేయగలదు.

మిల్లు_కుటుంబం: ఈ మాట మా ఇంట్లో అందరికీ తెలుసు. మా నాన్నగారి చేయి నూనె మిల్లులో బెల్టుకూ పుల్లీకీ మధ్య ఇరుక్కుంది. “స్వంత అజాగ్రత్త” అని కాగితం మీద రాసి, ఆసుపత్రి మంచం మీద ఉన్న మనిషి చేత వేలిముద్ర వేయించుకున్నారు. ఆ పుల్లీకి ఎన్నడూ కవచం లేదని మిల్లులో పనిచేసిన ప్రతివారికీ తెలుసు, కానీ ఆ సంగతి ఏ కాగితంలోనూ లేదు. కాబట్టి నింద వద్దు అని మీరంతా అంటుంటే నాకు భయం వేస్తోంది. నింద రాయకపోతే యజమాని తప్పు ఎవరు రాస్తారు? పరిహారం ఎంత వస్తుందో ముందు అది చెప్పండి.

బాలానగర్_వర్క్‌షాప్: అడిగినది పరిహారం లెక్క కాదండీ, నివేదికలో వాక్యం ఎలా ఉండాలన్నది.

మిల్లు_కుటుంబం: వాక్యం వల్లే పరిహారం పోయింది కాబట్టే అడుగుతున్నాను. వేళ్లు పోయినవాడి తరఫున మాట్లాడేవారు ఇక్కడ ఎవరూ లేరు. అందరూ కంపెనీ పరువు కాపాడే భాష నేర్పుతున్నారు.

పాతప్రెస్‌షాపు: ఆ ఆరోపణను నేను ఒప్పుకోను. మీ నాన్నగారి కాగితంలో “పుల్లీకి కవచం అమర్చి లేదు, కవచం బిగించే బోల్టు రంధ్రాలు తుప్పుతో పూడిపోయి ఉన్నాయి” అని ఒక్క వాక్యం ఉండి ఉంటే “స్వంత అజాగ్రత్త” నిలబడేది కాదు. అందులో యజమాని పేరూ లేదు, నిందా లేదు. కానీ ఆ రంధ్రాలు ఎన్నాళ్లుగా ఖాళీగా ఉన్నాయో చదివినవాడికి అర్థమవుతుంది. ప్రశ్న అడిగినవారికి కూడా అదే చెబుతున్నాను: పక్క ప్రెస్‌ల గార్డులు కూడా వెంటనే వెళ్లి చూసి, చూసిన సమయంతో సహా రాయండి. డై మార్పుల రిజిస్టరు కూడా తెరవండి.

షీట్‌మెటల్_సేఫ్టీ: మీరు చెప్పినట్లు మళ్లీ చూసి ఇలా రాశాను: “సాయంత్రం 4:35కి నేను చేరేసరికి 2వ ప్రెస్‌కు గార్డు అమర్చి లేదు. గార్డు వెనుక గోడకు ఆనించి ఉంది. నాలుగు బోల్టుల్లో రెండు డై సెట్టర్ ట్రేలో ఉన్నాయి, రెండు దొరకలేదు. ఆ రోజు 2:30కి డై మార్చినట్లు రిజిస్టరులో ఉంది. 5:10కి చూసినప్పుడు 3, 5 నంబర్ల ప్రెస్‌లకు కూడా గార్డులు అమర్చి లేవు.” మొదటి నివేదిక రాసినప్పుడు ట్రే చూశాను, కానీ బోల్టుల సంగతి రాయాలని నాకు తోచలేదు. అది నా పొరపాటు. ఆసుపత్రిలో ఆపరేటరు చెప్పిన మాట కూడా చేర్చాను: “గార్డు తర్వాత బిగిద్దాం, ముందు లాటు పూర్తి చేయి అని సూపర్‌వైజరు చెప్పారు.” ఆ ఒక్క వాక్యాన్ని ప్లాంట్ హెడ్ కొట్టివేశారు. అది విన్న మాట, చూసిన విషయం కాదన్నారు.

క్వాలిటీ_ఆడిటర్: ఆయన అన్నది సరైనదే. “చూసినవి మాత్రమే” అన్న సూత్రం ఆపరేటరుకు అనుకూలంగా ఉన్నప్పుడు ఒకలా, ప్రతికూలంగా ఉన్నప్పుడు ఇంకొకలా ఉండకూడదు.

పాతప్రెస్‌షాపు: సూపర్‌వైజరు అలా చెప్పారన్నది మనకు తెలియదు, నిజమే. కానీ ఆపరేటరు ఆ మాట మీతో అన్నారన్నది మీరు చెవులారా విన్న విషయం. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎవరి సమక్షంలో అన్నారో రాసి, ఆయన మాటలను ఆయన మాటల్లోనే ఉంచండి. సూపర్‌వైజరును కూడా అడిగి, ఆయన కాదంటే ఆ మాటను కూడా అంతే స్థలంలో రాయండి. ఏది నిజమో తేల్చడం విచారణ పని.

క్వాలిటీ_ఆడిటర్: అప్పుడు ప్రతి నివేదికా ఒకరి మీద ఒకరు చెప్పుకునే ఫిర్యాదుల పుస్తకం అవుతుంది. సూపర్‌వైజరు పేరు ఒకసారి కాగితం మీదికి వచ్చాక, విచారణలో ఏమి తేలినా ఆయన మీద మచ్చ పోదు. వాంగ్మూలాలు విడిగా ఉండాలన్నదే నా అభిప్రాయం.

పాతప్రెస్‌షాపు: విడిగా ఉంచడానికి నాకు అభ్యంతరం లేదు. సంతకంతో, పేజీ నంబరుతో అనుబంధంగా జతచేసి, ఆ సంగతి అసలు నివేదికలో ప్రస్తావించండి. ప్రస్తావన లేని అనుబంధం ఫైలు నుంచి జారిపోవడం నేను రెండుసార్లు చూశాను.

బాలానగర్_వర్క్‌షాప్: ఆపరేటరు 48 గంటలు లేదా అంతకు మించి పనికి రాలేని స్థితిలో ఉంటే సంబంధిత ప్రభుత్వ అధికారులకు నోటీసు వెళ్లాలి. ఈ చర్చ తేలేదాకా దాన్ని ఆపకండి.

షీట్‌మెటల్_సేఫ్టీ: నోటీసు నిన్ననే పంపాము. క్లచ్ ఈ రోజు విప్పారు. కీ అంచు ఒక వైపు అరిగి ఉంది, ఫోటో తీశాను. ప్రమాదానికి అదే కారణమని మాత్రం రాయలేదు. వాంగ్మూలాన్ని 4వ పేజీగా జతచేసి మళ్లీ పంపుతున్నాను. ఈసారి ఏమంటారో తెలియదు.

మిల్లు_కుటుంబం: ఆ 4వ పేజీ నకలు ఆపరేటరుకు ఇచ్చారా?

షీట్‌మెటల్_సేఫ్టీ: ఇంకా ఇవ్వలేదు. రేపు ఆసుపత్రికి వెళుతున్నాను.