వాటర్ మీటర్‌కి లైనక్స్ బోర్డు పెడితే తప్పేంటి? మైక్రోప్రాసెసర్ వర్సెస్ మైక్రోకంట్రోలర్

బెళ్లందూరు_బాచిలర్:
అందరికీ నమస్తే. మా చిన్న స్టార్టప్‌లో అపార్ట్‌మెంట్ ఫ్లాట్లకి వాటర్ మీటర్ చేస్తున్నాం, బ్యాటరీ మీద నడవాలి, 15 నిమిషాలకోసారి రీడింగ్ పంపాలి. నాకు పైథాన్ బాగా వచ్చు, వన్ గిగాహెర్ట్జ్ లైనక్స్ బోర్డు ఇప్పుడు చవగ్గానే దొరుకుతోంది కదా, ఇంకా అందరూ మైక్రోకంట్రోలరే ఎందుకు వాడుతున్నారు?

ఈసీఈ_2019:
సింపుల్ బ్రో, మైక్రోప్రాసెసర్ అంటే ఫాస్ట్, మైక్రోకంట్రోలర్ అంటే స్లో. మీటర్‌కి స్పీడ్ అక్కర్లేదు కాబట్టి స్లోది చాలు, చవకది చాలు. అంతకంటే ఏం లేదు ఇందులో.

ఫర్మ్‌వేర్_పాతకాపు:
తమ్ముడూ చవక అన్నది సగం నిజమే గానీ స్పీడ్ మాట మాత్రం కాదు. కాలేజీ ల్యాబ్‌లో మనందరం కొట్టిన 8085 మైక్రోప్రాసెసరే, నడిచేది 3 మెగాహెర్ట్జ్ దగ్గర. ఇవాళ ఎస్‌టీఎం32హెచ్7 మైక్రోకంట్రోలర్, 480 మెగాహెర్ట్జ్. మరి ఏది ఫాస్టు?

ఆ 8085 కిట్ ఒకసారి గుర్తు చేసుకో. ప్రాసెసర్ పక్కన ఈప్రామ్ వేరు, ర్యామ్ వేరు, పోర్టులకి 8255, టైమర్‌కి 8253, అడ్రస్ పట్టుకోవడానికి ఒక లాచ్, బోర్డంతా చిప్‌లే. తర్వాత సెమిస్టర్‌లో 8051 వచ్చింది. దాని లోపలే 4 కేబీ ప్రోగ్రాం మెమరీ, 128 బైట్ల ర్యామ్, రెండు టైమర్లు, ఒక సీరియల్ పోర్టు, 32 ఇన్‌పుట్-అవుట్‌పుట్ పిన్నులు. క్రిస్టల్ తగిలించి 5 వోల్టులు ఇస్తే నడిచేస్తుంది. తేడా అక్కడుంది, పనికి కావల్సిన సామానంతా ఒకే చిప్‌లో ఉందా, బయట కట్టుకోవాలా అని.

ఈసీఈ_2019:
మరి పికో బోర్డులో ఆర్‌పీ2040కి ఫ్లాష్ బయటే ఉంటది కదన్నా? మీ లెక్కన అది మైక్రోప్రాసెసర్ అవ్వాలిగా?

ఫర్మ్‌వేర్_పాతకాపు:
మంచి పాయింట్ పట్టావు. గీత అక్కడ చెరిగిపోయింది, ఒప్పుకుంటా. కానీ దాని 264 కేబీ ర్యామ్, టైమర్లు, ఏడీసీ అన్నీ లోపలే ఉన్నాయి కాబట్టి జనం కంట్రోలరే అంటారు. పేరు గురించి కొట్టుకోవడం కంటే బెళ్లందూరు తమ్ముడి మీటర్ లెక్క చూద్దాం, నాకు అదే ముఖ్యం.

మీటర్లలో ఎక్కువగా కనపడే లిథియం సెల్ ఒకటి తీసుకుందాం, 3.6 వోల్టులు, 8500 మిల్లీఆంప్ అవర్స్. చిన్న లైనక్స్ బోర్డు ఏ పనీ చెయ్యకుండా కూర్చున్నా 100 మిల్లీఆంప్స్ చుట్టుపక్కల తాగుతుంది. 8500ని 100తో భాగిస్తే 85 గంటలు, మూడున్నర రోజులు. 3.6ని 5 వోల్టులకి పెంచడంలో పోయేది లెక్క వెయ్యకుండానే ఇది.

అదే ఎస్‌టీఎం32ఎల్0 లాంటిది అయితే నిద్రలో 2 మైక్రోఆంప్స్ అనుకో. రోజుకి 96 సార్లు లేచి లోరా రేడియోతో ఒక్కో సెకను, సుమారు 40 మిల్లీఆంప్స్ దగ్గర పంపితే రోజుకి 1.07 మిల్లీఆంప్ అవర్స్, రోజంతా నిద్రకి 0.05 కూడా కలపు, మొత్తం 1.1. కాగితం మీద 20 ఏళ్ళు దాటుతుంది. సెల్ తనంతట తాను కొంత కారిపోతుంది కాబట్టి నేనైతే 10 ఏళ్ళకి మించి మాటివ్వను.

పైథాన్_ప్రియుడు:
లైనక్స్ బోర్డుని ఎప్పుడూ ఆన్‌లో ఎందుకు ఉంచాలి? బయట చిన్న టైమర్ పెట్టి 15 నిమిషాలకోసారి పవర్ ఇచ్చి, పని అయ్యాక కట్ చేస్తే సరి. నేను ఇంట్లో మొక్కల ప్రాజెక్టుకి అలాగే చేశా, బాగానే నడుస్తోంది.

ఫర్మ్‌వేర్_పాతకాపు:
మొక్కలకి సరిపోయి ఉంటుంది, ఇక్కడ సరిపోదు. బూట్ అవ్వడానికి 30 సెకన్లు, ఆ టైంలో 150 మిల్లీఆంప్స్ అనుకో. 96 సార్లంటే రోజుకి 120 మిల్లీఆంప్ అవర్స్, అంటే 70 రోజుల్లో సెల్ ఖాళీ. పైగా ఆ రకం సెల్ అంత కరెంట్ ఒక్కసారి ఇవ్వడానికే తడబడుతుంది, వోల్టేజ్ పడిపోయి బూట్ మధ్యలోనే ఆగిపోతుంది. రాస్తుండగా పవర్ పోతే ఎస్‌డీ కార్డు ఫైళ్ళు పాడవుతాయి.

అసలు దెబ్బ ఇంకోటుంది. మీటర్‌లో అయస్కాంతం తిరుగుతుంది, రీడ్ స్విచ్ ఇన్ని లీటర్లకి ఒక పల్స్ ఇస్తుంది. బోర్డు ఆఫ్‌లో ఉన్న ఆ 14 నిమిషాల్లో ఎవరైనా స్నానం చేస్తే పల్సులు ఎవరు లెక్కపెడతారు? ఎల్0లో లో-పవర్ టైమర్ ఒకటుంది, సీపీయూ నిద్రలో ఉండగానే బయట పిన్ను మీద పల్సులు అదే లెక్కపెట్టుకుంటుంది. 15 నిమిషాలకి లేచి ఆ సంఖ్య చదివి పంపడమే ప్రోగ్రాం పని.

మారతహళ్ళి_అమ్మ:
మా అపార్ట్‌మెంట్‌లో సంప్ మోటార్ కంట్రోలర్ పెట్టించాం, ట్యాంకర్ వచ్చి మోటార్ ఆన్ చేసినప్పుడల్లా డిస్‌ప్లే ఆరిపోయి మళ్ళీ మొదటినుంచి వస్తోంది. వాచ్‌మన్ రాత్రి రెండుసార్లు లేవాల్సొస్తోంది పాపం. లోపల మైక్రోకంట్రోలర్ ఉందిట, ప్రాసెసర్ ఉన్నది కొంటే తగ్గుతుందా బాబూ?

ఫర్మ్‌వేర్_పాతకాపు:
అమ్మా, చిప్ మార్చితే తగ్గదండీ. కాంటాక్టర్ లాగినప్పుడు కంట్రోలర్‌కి వచ్చే సప్లై ఒక్క క్షణం కుంగుతోంది, లేదా కాయిల్ నుంచి గట్టి స్పైక్ వస్తోంది, చిప్ ఆగి మళ్ళీ మొదలవుతోంది. ఎలక్ట్రీషియన్‌తో ముందు మోటార్ వైర్లు తీయించి ఉత్త కాంటాక్టర్‌నే ఆన్ చేయించి చూడండి. అప్పుడూ ఆరితే కాయిల్‌కి స్నబ్బర్ పెట్టించండి. ఆరకపోతే మోటార్ లాగే కరెంట్‌కి లైన్ కుంగుతోందన్నమాట, కంట్రోలర్‌కి వేరే మంచి అడాప్టర్ ఇప్పించండి. మెయిన్ ఆపకుండా మాత్రం ఎవరినీ చెయ్యి పెట్టనివ్వకండి.

ఎస్‌పీ_రోడ్_రెగ్యులర్:
పై లెక్కలు నమ్మి నేరుగా ఫీల్డ్‌లో పెట్టేయకండి, నాకు జరిగింది చెప్తా. ఈఎస్‌పీ32 డెవలప్‌మెంట్ బోర్డు, రెండు 2600 మిల్లీఆంప్ అవర్ సెల్స్ సిరీస్‌లో, డీప్ స్లీప్‌లో 10 మైక్రోఆంప్స్ అని డేటాషీట్ చూసి ఏడాది ఖాయం అని కస్టమర్‌కి మాటిచ్చా, 15 రోజుల్లో చచ్చిపోయింది, పరువు పోయింది. మీటర్ పెట్టి చూస్తే నిద్రలో 7 మిల్లీఆంప్స్! చిప్ బంగారంలా నిద్రపోతోంది, బోర్డు మీద ఏఎంఎస్1117 రెగ్యులేటర్ ఒక్కటే 5 లాగుతోంది, మిగతాది చాలావరకు ఎర్ర పవర్ ఎల్‌ఈడీ. 7 ఇంటూ 24 అంటే రోజుకి 168, 2600ని దాంతో భాగించండి, సరిగ్గా ఆ 15 రోజులే. ఎల్‌ఈడీ పీకి, రెగ్యులేటర్ మార్చాకే దారికొచ్చింది.

కొలిచేటప్పుడు ఇంకో విషయం. మల్టీమీటర్ మైక్రోఆంప్ రేంజ్‌లో ఉండగా రేడియో లేస్తే మీటర్‌లోనే వోల్టేజ్ పడి చిప్ రీసెట్ అవుతుంది, కోడ్‌లో బగ్ అని రెండు రోజులు వెతికా నేను. మిల్లీఆంప్ రేంజ్‌లో పెట్టి లేవనిచ్చి, నిద్రలోకి పోయాక కింది రేంజ్‌కి మార్చండి. మారేటప్పుడు సప్లై తెగకుండా మీటర్ ప్రోబ్‌లకి అడ్డంగా ఒక వైరు ముక్క పెట్టి తర్వాత తీసేయండి.

పైథాన్_ప్రియుడు:
సరే బ్యాటరీ విషయంలో ఒప్పుకుంటా. కానీ 500 ఫ్లాట్లలో పెట్టాక బగ్ బయటపడితే? లైనక్స్‌లో అయితే లాగిన్ అయి సరిచేస్తా. మీ మైక్రోకంట్రోలర్‌కి లోరా మీద మొత్తం ఫర్మ్‌వేర్ పంపాలంటే ఎంతసేపు, దానికయ్యే బ్యాటరీ ఎంత? అది లెక్కలో వెయ్యలేదు మీరు.

ఫర్మ్‌వేర్_పాతకాపు:
అది నిజమైన ప్రశ్నే. నేను ఫ్లాష్‌లో రెండు కాపీలకి చోటు ఉంచుతా, కొత్తది పూర్తిగా వచ్చి చెక్‌సమ్ కుదిరితేనే మారేలా. కానీ లోరా మీద అది గంటల పని, చిన్న మార్పులకి తప్ప చెయ్యను. మేం ఎక్కువగా బేస్‌మెంట్‌కి మనిషిని పంపి దగ్గర్నుంచి బ్లూటూత్‌తో చేయించాం, దానికి మనుషుల ఖర్చు అయింది. ప్రతి అంతస్తులో మీటర్ల రీడింగ్‌లు అందుకుని ముందుకి పంపే గేట్‌వే పెట్టి, అది కరెంట్ మీద నడిచేది కాబట్టి లైనక్స్ అక్కడ పెట్టుకుంటే నీ పైథాన్ కూడా పనికొస్తుంది తమ్ముడూ.

బెళ్లందూరు_బాచిలర్:
పల్స్ సంగతి నాకు అసలు తట్టలేదు అన్నా, మా మీటర్ 10 లీటర్లకి ఒక పల్స్ ఇస్తుంది. గేట్‌వేలో లైనక్స్, మీటర్‌లో ఎల్0 అని రేపు మా పార్ట్‌నర్‌కి చెప్తా. ఆయన మాత్రం అంతస్తుకో గేట్‌వే ఖర్చు ఎవరు పెట్టుకుంటారని అడుగుతాడు, దానికి నా దగ్గర ఇంకా సమాధానం లేదు, ఎవరైనా బిల్డింగ్ మొత్తానికి ఒక్క గేట్‌వేతో నడిపిన వాళ్ళుంటే చెప్పండి.