అప్‌డేట్: టమాటా మడిలో, వేర్లకు బుడిపెలు కట్టించే నులిపురుగుల లెక్క

నేను అడిగినది: "టమాటా వేర్ల నిండా బుడిపెలు ఉన్నాయి. మట్టి రిపోర్టులో మాత్రం 200 సీసీకి 40 పిల్లపురుగులే అని వచ్చింది. దేన్ని నమ్మాలి?"

తప్పు ల్యాబుది కాదు, నేను మట్టి తీసిన పద్ధతిది. ఎండిన పైమట్టిని తీసి, సంచిని మధ్యాహ్నమంతా ఎండలో ఉంచాను. ల్యాబులో మట్టిని నీళ్లున్న గరాటుపై ఉంచే పద్ధతిలో బతికి కదిలే పురుగులే నీళ్లలోకి దిగుతాయి కాబట్టి, దారిలో చచ్చినవి లెక్కకు రాలేదు.

ఈసారి తడి ఆరకముందే, పైపొరను పక్కకు నెట్టి, మొక్కల మొదళ్ల దగ్గర 15–20 సెంటీమీటర్ల లోతున, అడ్డదిడ్డంగా నడుస్తూ 20 చోట్ల మట్టి తీసి, కలిపి, అందులో అరకిలోను, గుప్పెడు పీచువేర్లతో పాటు పాలిథిన్ సంచిలో కట్టి, నీడలోనే ఉంచి మర్నాడే అందించాను. పూర్తిగా ఎండిన మొక్కలను వదిలేసి, గిడసబారినా ఇంకా పచ్చగా ఉన్నవాటినే ఎంచుకున్నాను, ఎందుకంటే కుళ్లిన వేర్లను పురుగులు విడిచిపోతాయి.

ఇప్పుడు 200 సీసీకి 460 వచ్చాయి, అంటే సీసీకి రెండుకు పైనే. వేరుకు 31 నుంచి 100 బుడిపెలు ఉన్నందున, 1–5 కొలమానంలో వేరు బుడిపెల సూచిక 4. పంట మధ్యలో ఆడపురుగులు, గుడ్లు వేర్లలోనే ఉంటాయి కనుక, మట్టి లెక్క తక్కువగా కనిపించినా నేను వేరు సూచికకే ఎక్కువ విలువ ఇస్తాను. వచ్చే పంటగా అనుకున్న బెండ కూడా ఈ పురుగుకు లొంగేదే కాబట్టి, దాన్ని మానుకుని బంతి వేస్తున్నాను.