ఒకే రెడ్‌షిఫ్ట్‌కి రెండు వేగాలు వస్తున్నాయి, ఏది రాయాలి?

పట్టకం: 3C 273 అనే క్వేసార్ వర్ణపటంలో హైడ్రోజన్ బీటా గీత 562.9 నానోమీటర్ల దగ్గర ఉంది, ల్యాబ్‌లో అదే గీత 486.1 దగ్గర ఉంటుంది. పుస్తకం జవాబు సెకనుకు 47,400 కి.మీ., సాపేక్షతా సూత్రంతో చేస్తే నాకు 43,700 వస్తోంది. ఏది కరెక్ట్?

చలపతి_ఫిజిక్స్: పుస్తకమే. గీత జరిగింది 76.8, దాన్ని 486.1తో భాగిస్తే z = 0.158, కాంతివేగం 3 లక్షలతో గుణిస్తే 47,400. అయిపోయింది. చాలామంది 562.9తో భాగించి 0.136 తెచ్చుకుంటారు, నువ్వు ఆ తప్పు చేయలేదు, సంతోషం. ఇక లేనిపోని సూత్రాలు దేనికి?

నిశాచరుడు: లేనిపోనిదా? v = cz అనేది వేగం బాగా తక్కువైతేనే పనికొస్తుంది. ఇక్కడ వేగం కాంతిలో ఏడో వంతు. (1+z)² అంటే 1.341. అందులోంచి 1 తీసేసి, 1 కలిపినదానితో భాగిస్తే 0.1457, అంటే 43,700. డిగ్రీలో నేను ఇలా రాస్తే మార్కులన్నీ కోసేశారు, దిద్దినాయనకి ఆ సూత్రమే తెలియదు. మీలాంటివాళ్లే.

చలపతి_ఫిజిక్స్: నీ మార్కుల సంగతి నాకెందుకు బాబూ. ప్రశ్నలో "సుమారుగా" అని ఉంటే cz చాలు.

నిశాచరుడు: ప్రశ్నలో "సుమారుగా" ఎక్కడుంది? సరే, z = 2 ఉన్న క్వేసార్ ఇస్తే సెకనుకు 6 లక్షల కి.మీ. అని రాస్తారా? నా సూత్రంలో 0.8 వస్తుంది, కాంతివేగం దాటదు.

చలపతి_ఫిజిక్స్: z = 2 ఎవరడిగారు ఇక్కడ?

వెన్నెల_రాత్రి: నాదో డౌట్. చిన్న టెలిస్కోప్‌లో దీన్ని చూశాను, ఎరుపు ఏమీ లేదు, చుక్కలా ఉంది అంతే. ఎర్రబడాలి కదా?

గీతల_పిచ్చి: వెన్నెల గారూ, రంగు చూసి తేల్చలేం. ఎరుపు వైపు జరిగిన కాంతి స్థానంలోకి అతినీలలోహితం దిగివస్తుంది. ఈ క్వేసార్ నిజానికి కాస్త నీలంగానే ఉంటుంది. జరిగింది గీతలు, వాటినే చూడాలి.

అందరూ వదిలేసిన సంగతి ఒకటుంది. 562.9 దగ్గర ఉన్నది హైడ్రోజన్ బీటాయే అని ఎలా తెలిసింది? ఒక్క గీతతో ఎవరూ చెప్పలేరు, అది ఇంకేదైనా అయితే z మొత్తం మారిపోతుంది. 1963లో మార్టిన్ ష్మిట్ పట్టుకున్నది గీతల వరుసని. హైడ్రోజన్ గామా 434.0 దగ్గర ఉండాలి, 1.158తో గుణిస్తే 502.6. డెల్టా 410.2, అది 475.0కి రావాలి. అన్నీ ఒకే 1.158తో జరిగాయి కాబట్టే నమ్మకం. ఒక్కటి పొసగకపోయినా గుర్తింపు మీద అనుమానపడాలి.

ఇక వేగం. మీరిద్దరూ క్వేసార్ ఒక గదిలో మనకి దూరంగా పరుగెత్తుతోందని అనుకుని కొట్టుకుంటున్నారు. ఇంత దూరంలో 1+z చెప్పేది, కాంతి బయల్దేరినప్పటితో పోలిస్తే విశ్వంలో దూరాలు 1.158 రెట్లు పెరిగాయని. విస్తరణ లెక్క వేస్తే ఇప్పటి వేగం సుమారు 45,700 వస్తుంది, అంటే మీ రెండింటికీ మధ్యలో. z = 2 అయితే ఇప్పటి వేగం కాంతివేగాన్ని దాటుతుంది. అందులో తప్పేమీ లేదు, ఎందుకంటే మన పక్కనుంచి దాటి వెళ్లే వస్తువుకి ఉన్న హద్దు దీనికి వర్తించదు.

నిశాచరుడు: దీన్నే ఒప్పుకోను. దారి పొడవునా పక్కపక్కనున్న ఇద్దరు పరిశీలకుల మధ్య చిన్న చిన్న డాప్లర్ మార్పులు కలుపుకుంటూ పోతే సరిగ్గా ఆ 1.158 వస్తుంది. అంటే డాప్లరే. సాగుతున్న స్థలం అని కొత్త కథ ఎందుకు?

గీతల_పిచ్చి: అలా కలిపితే z వస్తుంది, కాదనను. కానీ ఆ చిన్న వేగాలన్నిటినీ ఒకే వేగం చేసి "క్వేసార్ వేగం ఇదీ" అనాలంటే, ఏ క్షణానిది, ఎవరి కొలతలో అన్నది ముందు తేలాలి. మీ 43,700 ఆ ప్రశ్నకి జవాబివ్వదు, వంపులేని స్థలకాలంలో ఒకటే పరుగు అనుకుంటేనే దానికి అర్థం.

నిశాచరుడు: మీ 45,700 కూడా విశ్వంలో పదార్థం ఎంతో, డార్క్ ఎనర్జీ ఎంతో ముందే అనుకుని వేసిందేగా.

గీతల_పిచ్చి: అవును. అందుకే కొలిచినది z మాత్రమే అంటున్నాను.

పట్టకం: అన్నా, నేను పేపర్లో ఏం రాయాలి?

గీతల_పిచ్చి: z = 0.158 పైన రాయండి. వేగం అడిగితే cz = 47,400 అని, cz అన్న మాట చెరపకుండా రాయండి. కేటలాగుల్లో కూడా తరచూ అలాగే ఇస్తారు.

చలపతి_ఫిజిక్స్: అంటే నా జవాబే కదా!

నిశాచరుడు: కాదు.