మూడేళ్లు నిండితే క్లెయిమ్‌ను ఎవరూ ప్రశ్నించలేరన్న మాట నిజమేనా?

తూర్పువీధి:
మా పట్టణంలో ఒక జీవిత బీమా శాఖవారు పాలసీదారుల అవగాహన సమావేశం పెట్టారు. బ్రాంచి మేనేజరు గారి ప్రసంగం చిన్నదే కాబట్టి ఫోనులో రికార్డు చేసి రాసి పెడుతున్నాను. ఇందులో మూడేళ్ల మాట ఎంతవరకు నిజమో తెలిసినవారు చెప్పండి.

"అందరికీ నమస్కారం. చిక్కుల్లో పడే క్లెయిమ్‌లు ఎక్కువగా పాలసీ తీసుకున్న తొలి ఏళ్లలో వచ్చేవే. షుగరుకో బీపీకో మాత్రలు వేసుకుంటూ ఫారంలో 'ఏ జబ్బూ లేదు' అని రాస్తారు. ఏజెంటు రాసినా సంతకం మీది, బాధ్యత కూడా మీదే. ఫారం పూర్తిగా నింపాకే సంతకం పెట్టండి. బాండుతో పాటు మీ ప్రపోజల్ ఫారం నకలు కూడా ఇంటికి వస్తుంది. అది చదివి, తప్పు కనిపిస్తే వెంటనే మాకు రాయండి. పాలసీ నచ్చకపోతే 30 రోజుల్లో తిప్పి ఇచ్చేయవచ్చు. ఇంట్లో మరణం జరిగితే ఆలస్యం చేయకుండా శాఖకు తెలపండి. మరణ ధ్రువపత్రం, అసలు బాండు, నామినీ గుర్తింపు కార్డు, బ్యాంకు పాస్‌బుక్ నకలు తీసుకురండి. పేర్లలో తేడాలుంటే ఇప్పుడే సరిచేయించుకోండి. విచారణ అక్కరలేని క్లెయిమ్‌ను 15 రోజుల్లో, విచారణ జరపాల్సిన దాన్ని 45 రోజుల్లో మేము తేల్చాలి. పాలసీకి మూడేళ్లు నిండితే ఇక ఏ కంపెనీ మీ క్లెయిమ్‌ను ప్రశ్నించలేదు. కాబట్టి ప్రీమియం ఆపకండి."

ఏజెంటు రమణ:
నూటికి నూరు శాతం నిజం. 2015లో బీమా చట్టం మార్చారు. 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటాక మోసం అని కూడా అనలేరు. నేను నా పాలసీదారులందరికీ ఇదే చెబుతాను.

గోదారిగట్టు:
మా మామయ్య ఆసుపత్రి బిల్లులో గది అద్దె ఎక్కువైందని మొత్తం బిల్లే కోసేశారు. దానికీ ఈ మూడేళ్లు వర్తిస్తాయా?

పాత ఫైలు:
గోదారిగట్టు గారూ, మీది ఆరోగ్య బీమా. దాని నియమాలు వేరు, ఇక్కడ నడుస్తున్నది జీవిత బీమా. మీరు విడిగా అడిగితే చెబుతాను.

మేనేజరు గారి ప్రసంగం మొత్తం మీద మంచిదే. కానీ చివరి మాటలో ఒక ముక్క వదిలేశారు. దాన్ని వదిలితే మిగతాదంతా తప్పుదోవ పట్టిస్తుంది. నేను క్లెయిమ్‌ల విభాగంలో పనిచేసి విరమించాను కాబట్టి ఈ సెక్షన్‌తోనే బతికాను. మూడేళ్లను పాలసీ తేదీ నుంచి మాత్రమే లెక్కించరు. పాలసీ జారీ అయిన రోజు, రిస్కు మొదలైన రోజు, రైడరు అనే అదనపు రక్షణ చేర్చిన రోజు, ఆగిపోయిన పాలసీని మళ్లీ బతికించిన రోజు, వీటిలో ఏది ఆఖరున వస్తే అక్కడి నుంచి లెక్క. అంటే 2010 నాటి పాలసీ అయినా నిరుడు రివైవల్ చేయించి ఉంటే గడియారం నిరుటి నుంచే నడుస్తుంది.

ఏజెంటు రమణ:
రివైవల్ అంటే పాత పాలసీ కొనసాగింపే కదా సార్. బాండు నంబరు మారదు, ప్రీమియం మారదు. మళ్లీ మూడేళ్లు ఎలా మొదలవుతాయి? పుస్తకాల మాట వేరు, ఫీల్డు మాట వేరు.

పాత ఫైలు:
ఇది పుస్తకాల మాట కాదు, సెక్షన్‌లో ఉన్న మాట. రివైవల్‌కు ఆరోగ్య ప్రకటన ఫారం ఎందుకు తీసుకుంటారు? ఆ రోజు మనిషి ఆరోగ్యం చూసి కంపెనీ మళ్లీ రిస్కు ఒప్పుకుంటుంది కాబట్టి. బాకీ కట్టి రశీదు తీసుకుంటే పని అయిపోయిందని జనం అనుకుంటారు. ఆ ఒక్క కాగితం మీద రాసిన 'లేదు' అన్న మాటే తరువాత క్లెయిమ్‌ను తినేస్తుంది.

సుమతి:
ఈ చర్చ చదువుతుంటే మా నాన్నగారి విషయమే మాట్లాడుతున్నట్టుంది. 2018 జూన్‌లో 5 లక్షల పాలసీ, 20 ఏళ్ల ప్రీమియం. మూడు ప్రీమియంలు కట్టారు. 2021 జూన్‌లో కట్టాల్సింది కరోనా కష్టాల్లో కట్టలేకపోయారు. 2023 జనవరిలో ఏజెంటు ఇంటికి వచ్చి బాకీ వడ్డీతో కట్టించి బతికించారు. ఆ తరువాత రెండు ప్రీమియంలు కూడా ఆపకుండా కట్టాం. 2024 ఆగస్టులో గుండెపోటుతో పోయారు. 2025 మార్చిలో ఉత్తరం వచ్చింది: 'రివైవల్ నాటికి మధుమేహం ఉంది, దాచారు, క్లెయిమ్ తిరస్కరిస్తున్నాం' అని. ఆరేళ్ల పాలసీని ఇలా ఎలా కొట్టేస్తారని నేను అందరినీ అడుగుతున్నాను. మేనేజర్లు మాత్రం సభల్లో మూడేళ్లు దాటితే భయం లేదంటున్నారు.

వేపచెట్టు:
అయ్యో. షుగరుకీ గుండెపోటుకీ సంబంధం లేదని డాక్టరు రాసిస్తే సరిపోదా?

ఏజెంటు రమణ:
సుమతి గారూ, బాధగానే ఉంది. కానీ నిజం చెప్పాలి. మీ నాన్నగారు షుగరు మాత్రలు వేసుకుంటున్నట్టు ఫారంలో రాయలేదు. మేనేజరు గారు చెప్పింది అదే కదా, సంతకం ఎవరిదో బాధ్యత వారిదే.

పాత ఫైలు:
వేపచెట్టు గారూ, షుగరు గుండెజబ్బు ముప్పు పెంచుతుందన్నది వైద్యులందరికీ తెలిసిందే, కాబట్టి ఆ వాదన ఇక్కడ నిలబడటం కష్టం. నడుం నొప్పి దాచి గుండెపోటుతో పోయి ఉంటే వేరే మాట.

సుమతి గారూ, మూడు సంగతులు చూడండి. మొదటిది, ఉత్తరం రివైవల్ నుంచి మూడేళ్లు నిండకముందే వచ్చింది. కాబట్టి 'ఆరేళ్ల పాలసీ' అన్న వాదన పక్కన పెట్టండి. ఎంత గట్టిగా పట్టుకున్నా అది మీకు ఉపయోగపడదు.

రెండోది, షుగరు ఉందని వాళ్లు ఎక్కడి నుంచి తెలుసుకున్నారు? దాదాపు ఎప్పుడూ ఆసుపత్రి కేస్ షీట్ నుంచే. అత్యవసర విభాగంలో చేర్చేటప్పుడు డ్యూటీ డాక్టరు 'షుగరు ఉందా, ఎన్నాళ్లుగా' అని అడుగుతారు. కంగారులో ఉన్న కొడుకో అల్లుడో 'నాలుగేళ్లుగా' అంటారు. ఆ మాట అలాగే ఫైల్లో పడుతుంది. కంపెనీ విచారణాధికారి వెళ్లి ఆ పేజీ నకలు తెచ్చుకుంటారు. రివైవల్‌కు ముందు తేదీతో మందుల చీటీ గానీ రక్తపరీక్ష గానీ వాళ్ల దగ్గర ఉందా అని రాతపూర్వకంగా అడగండి. ఎవరో చెప్పిన ఒక్క వాక్యం తప్ప వేరే రుజువు లేనప్పుడు వినియోగదారుల కమిషన్లు కంపెనీ మాటను ఒప్పుకోని సందర్భాలు చాలా ఉన్నాయి.

మూడోది, తప్పు రివైవల్‌లోనే ఉంటే పోయేది రివైవలే. అంతకు ముందే మూడేళ్ల ప్రీమియంలు కట్టారు. ఆగిన నాటికి పాలసీ పెయిడప్ అయి, అంటే ఇక ప్రీమియం కట్టకపోయినా తగ్గిన మొత్తంతో నిలిచి ఉండాలి. 20 ప్రీమియంలలో 3 కట్టినందుకు 5 లక్షల్లో 3/20, అంటే 75 వేలు, దాని మీద అప్పటికి కలిసిన బోనసు. ఈ మొత్తం గురించి ఉత్తరంలో ఏమైనా రాశారా?

సుమతి:
ఏమీ రాయలేదు. మొత్తం 'సున్నా' అన్నట్టే రాశారు. 75 వేల మాట ఇంతవరకు ఎవరూ నాకు చెప్పలేదు.

కానీ రమణ గారికి ఒక మాట చెప్పాలి. మా నాన్నగారు ఫారం రాయలేదు. ఆయనకు తెలుగు తప్ప రాదు, ఫారం ఇంగ్లీషులో ఉంది. ఏజెంటు వాకిట్లో బండి మీద కాగితం పెట్టి, అన్ని గడుల్లో అడ్డగీతలు కొట్టి, నాన్నగారి చేత సంతకం పెట్టించుకుని వెళ్లారు. మా నాన్నగారు మాత్ర మింగుతూ ఉండగానే ఆయన మా ఇంట్లో కాఫీ తాగారు. అడిగితే 'ఇవన్నీ రాస్తే డాక్టరు పరీక్షలంటారు, ఎందుకు పెద్దాయనా' అన్నారు. ఇప్పుడు ఆయన ఫోను ఎత్తరు. బాధ్యత మాది అంటారా?

ఏజెంటు రమణ:
అందరు ఏజెంట్లనూ ఒకే గాట కట్టకండి. రాయొద్దని మమ్మల్ని బతిమాలేది పాలసీదారులే. షుగరు ఉందని రాస్తే అదనపు ప్రీమియం పడుతుంది, 'అవన్నీ ఎందుకు, వదిలేయండి' అంటారు. రాస్తే పాలసీ ఇంకొకరి దగ్గరకు పోతుంది. క్లెయిమ్ వచ్చాక మాత్రం ఏజెంటు దొంగ. ఏళ్ల తరబడి గడప గడపా తిరిగిన మాకు దక్కే గౌరవం ఇదేనా?

పాత ఫైలు:
రమణ గారూ, మీ కోపం అర్థమైంది. కానీ మీరు పట్టుకున్న 'సంతకం మీది' అన్న మాటకు రెండో వైపు ఉంది. పాలసీ అమ్మడానికి మాట్లాడి, బేరం కుదిర్చిన వ్యక్తిని ఒప్పందం విషయంలో కంపెనీ ప్రతినిధిగానే చూడాలని అదే 45వ సెక్షన్ వివరణలో రాశారు. దాచిన సంగతి కంపెనీకి ముందే తెలుసని నిరూపిస్తే, మోసం పేరుతో తిరస్కరించకూడదని కూడా ఉంది. ఏజెంటు కళ్ల ముందే మాత్ర మింగితే, తెలిసినట్టా కాదా అన్నదే అసలు వాదం.

తూర్పువీధి:
అయితే మేనేజరు గారు తప్పు చెప్పారా?

పాత ఫైలు:
పూర్తిగా తప్పని అనలేను. చదవకుండా సంతకం పెట్టానన్న సాకు సాధారణంగా చెల్లదని 2019లో సుప్రీంకోర్టు ఒక జీవిత బీమా కేసులో స్పష్టంగా చెప్పింది. ఆ కేసు 2009 నాటి పాలసీది, పాత సెక్షన్ కాలానిది. కొత్త వివరణ బలం ఎంత అన్నదాని మీద క్లెయిమ్ విభాగాల్లోనే ఏకాభిప్రాయం లేదు. పైగా మోసం కాదని చూపించే భారం, పాలసీదారు లేనప్పుడు, వారసుల మీదే పడుతుంది. ఇది చాలా కఠినమైన నియమం. దాని గురించి మేనేజరు గారు సభలో ఒక్క మాట అని ఉండాల్సింది.

వేపచెట్టు:
ఏజెంటు వచ్చి 'నేను చూశాను' అని సాక్ష్యం చెబుతారా? చెప్పరు కదా.

పాత ఫైలు:
చెప్పకపోవచ్చు. అందుకే కాగితం చూడాలి. సుమతి గారూ, రివైవల్ ఫారం నకలు కావాలని శాఖకు దరఖాస్తు ఇవ్వండి. ఫారం వేరొకరు నింపినప్పుడు, లేదా సంతకం తెలుగులో ఉన్నప్పుడు, 'ఇందులోని విషయాలు సంతకం చేసినవారికి వారి భాషలో వివరించాను' అని నింపిన వ్యక్తి ధ్రువీకరించాలి. ఆ గడి ఖాళీగా ఉందా, ఎవరి సంతకం ఉందో చూడండి. తరువాత కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. రుసుము లేదు, లాయరు అక్కరలేదు. 50 లక్షల వరకు వింటారు. కానీ తిరస్కరించిన ఏడాదిలోపే వెళ్లాలి, ఆ తేదీ మరచిపోకండి. దరఖాస్తులో 5 లక్షలూ అడగండి, అది కుదరకపోతే పెయిడప్ మొత్తమైనా ఇవ్వాలని విడిగా అడగండి. రెండూ కలిపేస్తే చిన్నది కూడా పోతుంది.

సుమతి:
నకలు మా అన్నయ్య ముందే తెచ్చాడట, ఇప్పుడు ఫోనులో పంపాడు. ఆ గడిలో ఏజెంటు సంతకం ఉంది. కింద తేదీ మాత్రం నాన్నగారు సంతకం పెట్టిన తేదీ కాదు, రెండు రోజుల తరువాతది.

పాత ఫైలు:
ఆ పేజీ జాగ్రత్తగా ఉంచండి. విషయాలు చదివి వినిపించానని సంతకం పెట్టించిన రోజున కాక, రెండు రోజుల తరువాత రాశారన్నమాట. ఫిర్యాదులో మొదటి పేరా అదే పెట్టండి.

ఏజెంటు రమణ:
తేదీ శాఖలో ముద్ర వేసే రోజున వేస్తారు, మా అందరి ఫారాల్లోనూ అలాగే ఉంటుంది. దాన్ని బట్టి చదివి వినిపించలేదని ఎలా అంటారు? నేను ఒప్పుకోను.