లాంజ్ సంగీతంలో పాటను పట్టిచ్చేది తాళమా, స్వరమా?

ప్రశ్న (లాబీ శ్రోత): హోటల్ లాబీలో శాక్సోఫోన్ మీద వినిపించేది ‘ద గర్ల్ ఫ్రమ్ ఇపనేమా’ అవునో కాదో మాటలు లేకుండా ఎలా తేల్చుకోవాలి? నేను ప్రతిసారీ పొరబడుతున్నాను.

లయప్రియ: బ్రెజిల్ స్వరకర్త జోబిమ్ 1962లో కట్టిన బాణీ అది. అక్కడి బోసనోవా శైలి నడకే దాని ప్రాణం కనుక, గిటారు పట్టు వినగానే ఆ పాటేనని నేను నిశ్చయించుకుంటాను.

వయొలిన్ విద్యార్థి: నడక ఒక్కటే చాలదండీ. లాంజ్ కోసం వాయించేవారు ఏ పాటకైనా అదే నడకను తొడుగుతారు. నాకు మాత్రం ఈ బాణీ ఎత్తుగడ మోహనంలా, ‘స ద ద ప, స ద ద ద ప’ అని వినిపిస్తుంది.

పాత కీబోర్డు వాద్యకారుడు: మీరు మొదటి స్వరాన్నే షడ్జమం అనుకోవడం వల్ల అలా వినిపిస్తోంది. పాట మొదలయ్యేటప్పుడు కింద బేస్ ఏ స్వరం మీద నిలుస్తుందో గమనించి దాన్ని షడ్జమంగా పెట్టుకుంటే, ఎత్తుగడ ‘రి ని ని ద’ అవుతుంది. మీ లెక్క ప్రకారమే వెళ్లినా, అదే స్వరాల వరుస ఒక మెట్టు కిందికి దిగినప్పుడు మోహనంలో లేని నిషాదం తగులుతుంది.

అయినా అసలు ఆనవాలు మధ్య భాగంలో ఉంది. పల్లవికి రెట్టింపు నిడివి ఉన్న ఆ భాగం మొదలవగానే శ్రుతి అర మెట్టు పైకి జరిగినట్టు అనిపిస్తుంది. ఒక స్వరం దీర్ఘంగా నిలుస్తుంది, దాని చుట్టూ చిన్న మలుపు తిరుగుతుంది, ఆపై అదే ఆకృతి మరి రెండుసార్లు, ప్రతిసారీ ఇంకొంచెం పైనుంచి మొదలవుతుంది. పల్లవిని ఎన్ని గమకాలతో కప్పినా ఈ మూడు అంచెలను దాచడం కష్టం. అందువల్ల పల్లవి దగ్గరే తీర్పు చెప్పకుండా మధ్య భాగం వచ్చేదాకా ఆగండి.

విమాన ప్రయాణికురాలు: నేను ఒక విమానాశ్రయం లిఫ్టులో వేణువు మీద పాత తెలుగు పాట విన్నాను. పాటలను గుర్తుపట్టే షజామ్ యాప్ ఏమీ చెప్పలేదు. అది ఎవరు వాయించారో తెలుసుకోవడం ఎలా?

పాత కీబోర్డు వాద్యకారుడు: అమ్మా, మీ ప్రశ్న వేరు. షజామ్ బాణీని కాక ఒక నిర్దిష్టమైన రికార్డింగును పోల్చి చూస్తుంది. ఆ వేణువు రికార్డింగు దాని దగ్గర లేకపోతే, ఎంత ప్రసిద్ధమైన పాటైనా దానికి దొరకదు. వాద్యకారుడి పేరు అటుంచి కనీసం పాట పేరైనా కావాలంటే, ఫోన్‌లో గూగుల్ వెతుకులాటకు ఆ బాణీని మీరే కూనిరాగంగా వినిపించి చూడండి.

లయప్రియ: మధ్య భాగం గురించి ఒప్పుకుంటున్నాను. అయితే పల్లవి స్వరాలు చాలావరకు తాళపు దెబ్బల మీద కాక వాటి మధ్య పడతాయి కదా! ఆ విరుపును తీసేసి ప్రతి స్వరాన్నీ దెబ్బ మీదే వాయిస్తే, స్వరాలు సరిగ్గా ఉన్నా నేను ఆ పల్లవిని పోల్చుకోలేను.

వయొలిన్ విద్యార్థి: ఇంట్లో అలాగే వాయించి చూశాను. మా అక్క రెండో స్వరాల వరుసకే పోల్చుకుంది, నాన్నగారు మాత్రం మధ్య భాగం వచ్చేదాకా పోల్చుకోలేదు.