పాఠం కూర్చుని, అర్దాస్ నిలబడి: నియమమా, ఆనవాయితీనా?

లూధియానా తెలుగోడు:
ఉద్యోగం వల్ల లూధియానాలో ఉంటున్నాను. ఇంటి ఓనరు గారితో పొద్దున్నే గురుద్వారాకి వెళ్తుంటాను. పాఠం, కీర్తన జరిగినంతసేపూ అందరూ కింద కూర్చునే ఉంటారు. అందరి తరఫునా చేసే ప్రార్థన, అర్దాస్ మొదలవగానే లేచి చేతులు జోడిస్తారు. మొన్న మా నాన్నగారు వచ్చినప్పుడు ఆయన్నీ తీసుకెళ్లాను. మోకాళ్ల ఆపరేషన్ అయింది కదా, లేవలేక కూర్చునే ఉన్నారు. పక్కనున్న ఒకాయన లేవమని సైగ చేశాడు. నాన్నగారు చాలా ఇబ్బంది పడ్డారు. నిలబడాలని గ్రంథంలోనే ఉందా, తర్వాత వచ్చిన అలవాటా? లేవలేనివాళ్లు కూర్చుంటే తప్పా?

చరిత్రాభిమాని:
ఇది దర్బారు మర్యాద, అంతే. మొగలుల కాలంలో పాదుషాకి అర్జీ పెట్టుకునేవాడు నిలబడే చెప్పుకోవాలి. అర్దాస్ అన్న పేరే పారసీ అర్జ్‌దాశ్త్ నుంచి వచ్చింది, అర్జీ అనే అర్థం. గురు గ్రంథ్ సాహిబ్‌ని కూడా రాజులాగే తఖ్తు మీద ఉంచి, పైన చాందినీ కట్టి, చౌర్ అనే వింజామర వీస్తారు. కాబట్టి నిలబడటం మతం నుంచి రాలేదు, రాజసభ నుంచి వచ్చింది. గ్రంథంలో అలాంటి ఆజ్ఞ ఏదీ ఉండదు.

అత్తాపూర్ దక్కనీ:
చరిత్రాభిమాని గారూ, పేరు గురించీ దర్బారు పోలిక గురించీ మీరు చెప్పింది నిజమే. గ్రంథంలో లేదన్న మాట మాత్రం సరికాదు. మా పెద్దలు రంజిత్ సింగ్ కాలంలో నిజాం దగ్గరికి వచ్చిన లాహోరీ ఫౌజు వాళ్లు. మేం ఇంట్లో తెలుగు, దక్కనీ రెండూ మాట్లాడతాం. చిన్నప్పుడు మా తాతయ్య నేర్పిన మొదటి మాటల్లో ఇదొకటి: "తిసై అగై నానకా ఖలిఇ కీచై అర్దాస్". ఆ దేవుడి ముందు నిలబడి అర్దాస్ చెయ్యి అని దీని భావం. ఇది రెండో గురువు అంగద్ గారి శ్లోకం. మారూ రాగంలోని వార్‌లో ఉంది, 1093వ పుటలో చూడొచ్చు. ఆయన గురువుగా ఉన్నది 1539 నుంచి 1552 దాకా. అంటే నిలబడటమన్న భావన సిక్కుల్లో చాలా మొదట్లోనే ఉంది.

దాన్ని సంగత్ అంతటికీ, అంటే గురుద్వారాలో కూడిన భక్తులందరికీ, నియమంగా రాసింది సిక్ రహత్ మర్యాద. గురుద్వారాల వ్యవహారాలు చూసే శిరోమణి కమిటీ 1945లో ఆమోదించిన నియమావళి అది. అర్దాస్ జరుగుతున్నప్పుడు ఆడా మగా అందరూ చేతులు జోడించి నిలబడాలని, చౌర్ వీచే వ్యక్తి నిలబడి వీస్తూనే ఉండాలని అందులో ఉంది. కాబట్టి మీ ప్రశ్నకి జవాబు రెండూ: గురువాణిలో మూలం ఉంది, నియమావళిలో ఆచారం ఉంది.

ఇక కూర్చోవడం నుంచి నిలబడటానికి ఎందుకు మారతారంటే, నాకు అర్థమైనది చెప్తాను. పొద్దున చదివే జప్‌జీ, జాప్, సవైయ్యాలు గురువుల మాటలు. మనం చదువుతున్నా, ఇంకొకరు చదువుతుంటే వింటున్నా, అవి మనం అందుకుంటున్న మాటలే. అందుకే స్థిమితంగా కూర్చుంటాం. అర్దాస్ అలా కాదు. మొదటి చరణం, పౌడీ అంటారు, చండీ దీ వార్ అనే రచన నుంచి వచ్చింది. మిగతాదంతా ఎన్నో తరాలుగా పంథ్, అంటే సిక్కు సమాజమంతా, కూర్చుకున్న వచనం. అది మనం చెప్పుకునే మాట.

చివర్లో మీరు జాగ్రత్తగా వినండి. ఈ పొద్దున ఫలానా బాణీ పాఠం చేశాం, అక్షరాలు ఎక్కువైనా తక్కువైనా, తప్పు దొర్లినా క్షమించమని అడుగుతారు. అప్పటిదాకా కూర్చుని చదివిన దాన్ని నిలబడి ఆయనకి అప్పగించడమది. పాఠానికీ అర్దాస్‌కీ ఉన్న ముడి నాకు అక్కడే కనిపిస్తుంది.

గుంటూరు అక్క:
నేను ఇంకోలా అనుకున్నాను బాబూ. మా కోడలు పంజాబీ అమ్మాయి, వాళ్లు బ్రాంప్టన్‌లో ఉంటారు. మనవరాలు పుట్టినప్పుడు గురుద్వారాలో అర్దాస్ చేయించారు. హాల్లో అందరూ లేచి నిలబడితే, పాపని ఆశీర్వదించడానికి లేచారనుకున్నాను. మన దగ్గర అక్షింతలు వేసేటప్పుడు నిలబడతాం చూడు, అలాగన్నమాట. నాకు కళ్లమ్మట నీళ్లు తిరిగాయి. అది కాదంటారా?

అత్తాపూర్ దక్కనీ:
అక్కా, మీ ఆనందం అబద్ధం కాదు. కాకపోతే వాళ్లు లేచింది పాప వైపు తిరిగి ఆశీర్వదించడానికి కాదు, గ్రంథ్ సాహిబ్ వైపు తిరిగి పాప కోసం వేడుకోవడానికి. మీరు చెప్పిన సందర్భానికి నియమం కొంచెం వేరుగా ఉంది, చాలామంది సిక్కులకే తెలియదు. ఒక మనిషి కోసమో ఒక కుటుంబం కోసమో ప్రత్యేకంగా అర్దాస్ చేయిస్తే, వాళ్లు నిలబడితే చాలు, సంగత్‌లో మిగతావాళ్లు లేవనక్కర్లేదని రహత్ మర్యాదలోనే ఉంది. అయినా చాలాచోట్ల అందరూ లేస్తారు. మీ మనవరాలి కోసం ఆ హాల్లో వాళ్లు లేవాల్సిన పని లేకపోయినా లేచి ఉండొచ్చు.

సందేహి:
దక్కనీ అన్నా, మీ వివరణ వినడానికి బాగుంది కానీ ఒకచోట నిలవడం లేదు. గురువు మాట అందుకునేటప్పుడు కూర్చుంటాం, మన మాట చెప్పుకునేటప్పుడు నిలబడతాం అన్నారు. మరి చౌపాయీ సాహిబ్ సంగతేంటి? దాన్ని బేంతీ చౌపాయీ అనే అంటారు. "హమరీ కరో హాథ్ దై రచ్ఛా", చెయ్యి అడ్డుపెట్టి కాపాడమని మొదలవుతుంది. అది అచ్చంగా వేడుకోలే. దాన్ని పొద్దునా సాయంత్రం అందరూ కూర్చునే చదువుతారు. వేడుకుంటున్నాం కాబట్టి నిలబడాలంటే అక్కడ కూడా నిలబడాలి కదా?

చరిత్రాభిమాని:
అదీ అసలు ప్రశ్న. అందుకే దర్బారు మర్యాద అంటున్నాను. మాటలో ఏముందన్నది కాదు, సభ ముగిసేటప్పుడు ప్రభువు ముందు లేవడమే ఇక్కడ పద్ధతి.

అత్తాపూర్ దక్కనీ:
సందేహి తమ్ముడూ, ఇది గట్టి ప్రశ్నే. చౌపాయీలో వేడుకుంటున్నది పదో గురువు. మనం ఆయన మాటల్ని చదువుతున్నాం. అర్దాస్‌లో వేడుకుంటున్నది సంగత్. ఒకరు ముందు నిలబడి చెప్తారు, మధ్యమధ్యలో "బోలో జీ వాహెగురూ" అనగానే అందరి గొంతూ కలుస్తుంది.

దానికి తోడు అర్దాస్‌లో ఉన్నది వేడుకోలు ఒక్కటే కాదు. గురువుల్ని ఒక్కొక్కరినీ తలుచుకున్నాక మొదట ఖాల్సా దీక్ష తీసుకున్న పంజ్ ప్యారేలు, పదో గురువు కొడుకులైన నలుగురు సాహిబ్‌జాదాలు, ఆయన కోసం ప్రాణాలిచ్చిన నలభైమంది ముక్తుల పేరు వస్తుంది. ఆ తర్వాత ధర్మం కోసం తలలిచ్చినవాళ్లు, కీలుకి కీలు కోయించుకున్నవాళ్లు, రంపాల కింద చీల్చబడ్డవాళ్లు. వాళ్లని తలుచుకుంటూ కూర్చోవడం నా వల్ల కాదు. 1947 తర్వాత నన్కానా సాహిబ్ సరిహద్దు అవతల ఉండిపోతే, విడిపోయిన గురుద్వారాల్ని స్వేచ్ఛగా దర్శించే భాగ్యం ఇవ్వమన్న మాట కూడా ఇందులో చేరింది. మొదలూ చివరా మార్చకూడదు, మధ్యలో పంథ్ తన బాధని చేర్చుకుంటూ వచ్చింది. చౌపాయీలో ఒక్క అక్షరం మార్చడానికి ఎవరికీ హక్కు లేదు. రెండింటికీ తేడా నాకు ఇదే.

చరిత్రాభిమాని గారికి ఒక మాట. సభ ముగిసింది కాబట్టి లేస్తారంటే ఇంకో చిక్కుంది. అర్దాస్ అయ్యాక అందరూ తల ఆన్చి, లేచి ఫతే చెప్పి, జైకారా ఇస్తారు, మళ్లీ కూర్చుంటారు. అప్పుడు గ్రంథం తెరిచి హుకమ్‌నామా, అంటే ఆ పూటకి గురువు ఆజ్ఞ, చదువుతారు. దర్బారు మర్యాదే కారణమైతే ప్రభువు ఆజ్ఞ వినిపించే ఆ క్షణంలోనే అందరూ నిలబడాలి. కానీ అది గురువు మాట, కూర్చుని వింటారు.

చరిత్రాభిమాని:
హుకమ్‌నామా సంగతి ఆలోచించాల్సిందే. అయినా తఖ్తు, చౌర్, చాందినీ అన్నీ సభ నుంచే తెచ్చుకుని, నిలబడటం ఒక్కటే వేరేచోటి నుంచి వచ్చిందంటే నేను ఒప్పుకోలేను. అంగద్ గారు ఆ మాట రాసినప్పుడు చదివేవాళ్ల మనసులో మెదిలిన బొమ్మ కూడా యజమాని ముందు నిలబడ్డ సేవకుడిదే అయ్యుండాలి.

అత్తాపూర్ దక్కనీ:
బొమ్మ అదే, దానికి నాకు అభ్యంతరం లేదు. గురువాణి నిండా దేవుడు సాహిబ్, పాతిశాహ్. నేను వద్దంటున్నది "అంతే" అన్న మీ మొదటి మాటని.

సందేహి:
అన్నా, సంగత్ గొంతు అన్నారు. మరి ఇంట్లో ఒక్కడే రోజువారీ పాఠం, నిత్‌నేమ్ చేసుకునేవాడు? నా రూమ్మేట్ సిక్కు కుర్రాడు. తెల్లవారుజామున మంచం మీద కూర్చుని ఫోన్‌లో చూస్తూ జప్‌జీ చదువుతాడు. అర్దాస్‌కి మాత్రం దిగి, చెప్పులు విడిచి, గోడ వైపు తిరిగి నిలబడతాడు. గదిలో గ్రంథ్ సాహిబ్ లేదు, సంగత్ లేదు.

అత్తాపూర్ దక్కనీ:
మీ రూమ్మేట్ సరిగ్గానే చేస్తున్నాడు. పొద్దున, సాయంత్రం పాఠాల తర్వాత అర్దాస్ తప్పనిసరి. గ్రంథ్ సాహిబ్ ఉంటే ఆ వైపు తిరిగి చెయ్యాలి, లేకపోతే ఏ దిక్కైనా ఫరవాలేదు. అంగద్ గారి మాట ఒంటరిగా ఉన్నవాడికీ వర్తిస్తుందని నా నమ్మకం.

సందేహి:
ఒంటరివాడికీ వర్తిస్తే, సంగత్ గొంతు కాబట్టి నిలబడతాం అన్న కారణం మళ్లీ బలహీనపడుతుంది అన్నా. నాకు ఇంకా పూర్తిగా కుదరలేదు.

అత్తాపూర్ దక్కనీ:
ఒంటరిగా చెప్పినా మాటలు పంథ్‌వే, అడిగేది సర్బత్ దా భలా, అందరి మేలూ. ఇంతకన్నా గట్టి జవాబు నా దగ్గర లేదు తమ్ముడూ.

లూధియానా తమ్ముడూ, మీ నాన్నగారి సంగతికి వస్తాను. నిలబడగలిగినవాడు బద్ధకంతో కూర్చోవడం వేరు, మోకాలు లేవనివ్వకపోవడం వేరు. మా దగ్గర లేవలేని పెద్దల్ని గోడ పక్కన కూర్చోబెడతాం. అర్దాస్ అప్పుడు వాళ్లు కూర్చునే చేతులు జోడించి తల వంచుతారు. వాళ్లని లేవమని అన్నవాళ్లని నేను చూడలేదు. అక్కడ సైగ చేసినాయనకి ఆపరేషన్ సంగతి తెలిసి ఉండదు. ఈసారి వెళ్లినప్పుడు ముందే గ్రంథీ గారితోనో సేవాదారుతోనో ఒక మాట చెప్పండి. మీ నాన్నగారిని మధ్య వరసలో కాకుండా వెనకో, గోడ వైపో కూర్చోబెట్టండి. చుట్టూ అందరూ లేచాక మధ్యలో ఒక్కరే కూర్చుంటే ఆయనకే ఇబ్బందిగా ఉంటుంది. లంగర్‌లో కూడా కింద కూర్చోలేకపోతే అడగండి, ఏర్పాటు చేస్తారు.

లూధియానా తెలుగోడు:
చాలా థ్యాంక్స్ అన్నా. సేవాదారుతో మాట్లాడతాను. అక్షరాలు తప్పితే క్షమించమని అడుగుతారన్న సంగతి నాకు ఇప్పటిదాకా తెలియదు. ఓనరు గారు జప్‌జీ చదివేటప్పుడు ఒక్కోచోట ఆగి, వెనక్కి వెళ్లి ఆ పంక్తి మళ్లీ చదువుతారు. అది ఎందుకో ఆయన్ని అడగాలి.